షాకులు కాదు, టైరు చూడండి: గతుకుల రోడ్డు మీద రోజూ తొక్కే సైకిల్ గురించి అపోహలు - వాస్తవాలు

ఉప్పల్‌లో సైకిల్ రిపేరు షాపు పెట్టి పదకొండేళ్లయింది. మొదటిసారి గేర్ సైకిల్ కొనాలనుకునేవాళ్లంతా ఒకే ప్రశ్నతో వస్తారు: "అన్నా, హైబ్రిడ్డా, మౌంటెన్ బైకా, రోడ్ బైకా?" రోడ్ బైకంటే సన్న టైర్లతో వేగానికి, మౌంటెన్ బైకంటే గుబ్బల టైర్లతో మట్టి దారికి, హైబ్రిడ్ ఆ రెంటికీ మధ్యరకం. నేను మాత్రం రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారో, దారిలో రోడ్డు ఎలా ఉందో, వీపు మీద బ్యాగు ఎంత బరువుంటుందో అడుగుతాను. ఇవి తెలిస్తే సైకిల్ పేరు కంటే ముందు టైరు సైజు చెప్పగలను. పేరు సంగతి ఆ తర్వాత.

అపోహ: గుంతల రోడ్డు కాబట్టి ముందు షాకులు ఉండాల్సిందే

అందరూ నమ్మేది, అందరి చేతా ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టించేది ఇదే. పదిహేను, ఇరవై వేల లోపు మౌంటెన్ బైకుల్లో వచ్చే షాకుల్లో ఉండేది ఒక ఉక్కు స్ప్రింగు, అంతే. స్ప్రింగు వెనక్కి తన్నకుండా ఆపే ఏర్పాటు చాలావాటిలో ఉండదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆ షాకుల ఫోర్కు ఒక్కటే రెండు, రెండున్నర కిలోలు తూగుతుంది. మామూలు ఫోర్కుతో పోలిస్తే కిలోకి పైగా అదనపు బరువు.

బరువు కంటే పెద్ద సమస్య ఇంకోటి. మన చేతుల్ని తిమ్మిరెక్కించేది పెద్ద గుంత కాదు. పెద్ద గుంత కనిపిస్తే బ్రేకు కొడతాం, పక్కకి తప్పిస్తాం. తారు లేచిపోయిన చోట గరుకు, రంబుల్ స్ట్రిప్పులు, కేబుల్ కోసం తవ్వి పూడ్చిన గీతలు, ఇవి ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఇంత చిన్న కదలికకి చవక స్ప్రింగు స్పందించేలోపే దెబ్బ చేతికి చేరిపోతుంది. గొట్టాల మధ్య రాపిడి దాన్ని పట్టేసి ఉంచుతుంది. యాభై అయిదు కిలోల మనిషి తొక్కితే అది ఉన్నదీ లేనిదీ ఒకటే. ఆ చిన్న గరుకుని మింగేది టైరులోని గాలి.

పైగా ఫ్లైఓవర్ ఎక్కుతూ లేచి నిలబడి తొక్కితే, కాలి బలం కొంత ఆ స్ప్రింగుని నొక్కడానికే పోతుంది. రెండు వర్షాకాలాలు గడిస్తే రబ్బరు తొడుగు కింద గొట్టాలు తుప్పు పడతాయి. మీ సైకిల్ పరిస్థితి తెలుసుకోవాలంటే ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్ టక్ అంటుంటే, ఫోర్కు ఫ్రేములోకి వెళ్లే చోట వేలు పెట్టి మళ్లీ ఊపండి. అక్కడ కదలిక తెలిస్తే ఆ చోటి బేరింగు, అంటే హెడ్‌సెట్, వదులైంది, బిగిస్తే సరిపోతుంది. అక్కడ లేకుండా కింద గొట్టాల దగ్గర ఆడుతుంటే లోపలి బుష్‌లు అరిగాయని అర్థం. చవక ఫోర్కులకి ఆ బుష్‌లు విడిగా దొరకడం కష్టం, ఫోర్కే మార్చాలి.

అసలు అడవి దారుల్లో తొక్కేవాళ్లకి మంచి ఎయిర్ ఫోర్కు వేరే లోకం. దాని ధరకి ఇక్కడ ఒక సైకిలే వస్తుంది.

అపోహ: సన్న టైరు వేగం, లావు టైరు బరువు

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. బోడుప్పల్ నుంచి తార్నాక ఆఫీసుకి, ఇంచుమించు ఎనిమిది కిలోమీటర్లు. మనిషి డెబ్భై రెండు కిలోలు, ల్యాప్‌టాప్, టిఫిన్ బాక్సు కలిపి బ్యాగు ఏడు కిలోలు. కొన్నది రోడ్ బైకు, టైరు 700×25, అంటే 700 సైజు చక్రానికి 25 మిల్లీమీటర్ల వెడల్పు టైరు. నెలలో నాలుగు పంచర్లతో నా దగ్గరికి వచ్చాడు. "మేకులన్నీ నాకే దొరుకుతున్నయ్ అన్నా" అన్నాడు.

ట్యూబు నీళ్లలో ముంచి చూస్తే మేకు గుర్తు లేదు. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు, పాము కాటేసినట్టు. గుంత అంచు తగిలినప్పుడు టైరు పూర్తిగా అణిగి, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగితే ఇలా అవుతుంది. నాలుగు పంచర్లలో మూడు ఇవే. గేజీ పెట్టి చూశాను, గాలి ఒత్తిడి అరవై పీఎస్‌ఐ కూడా లేదు. "గాలి తక్కువుంటే మెత్తగా ఉంటదని చెప్పిన్రు" అన్నాడు. చెప్పినవాళ్లది సగం నిజం. కానీ మనిషి, బ్యాగు, సైకిల్ కలిపి తొంభై కిలోలు మోసే 25 మిల్లీమీటర్ల టైరుకి తొంభై పీఎస్‌ఐ దాకా కావాలి. అంత కొడితే పంచర్లు ఆగుతాయి, వెన్నుపూస కదిలిపోతుంది. సన్న టైరుతో ఉన్న చిక్కంతా ఇదే. మెత్తదనమూ పంచర్ భద్రతా రెండూ ఒకేసారి ఇవ్వడానికి దానిలో గాలికి చోటు లేదు.

25 నుంచి 40 మిల్లీమీటర్లకి వెళ్తే టైరు అడ్డకోతలో గాలి చోటు రెండున్నర రెట్లు పెరుగుతుంది. అందుకే సగం ఒత్తిడితోనే అదే బరువు మోస్తుంది.

అతని ఫ్రేములో 28కి మించి పట్టలేదు. 28 వేసి ఎనభై పీఎస్‌ఐ దగ్గర పెడితే పంచర్లు తగ్గాయి, చేతుల తిమ్మిరి తగ్గలేదు. రెండు నెలల తర్వాత షాకుల్లేని పాత హైబ్రిడ్ ఒకటి దొరికితే 700×40 టైర్లతో కట్టిచ్చాను. ముందు నలభై అయిదు, వెనక యాభై పీఎస్‌ఐ. వెనక చక్రం మీదే బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ తేడా. ఫోన్లో టైం చూసుకునేవాడు: రోడ్ బైకు మీద ఇరవై అయిదు నిమిషాలు, దీని మీద ఇరవై ఏడు. ఆ రెండు నిమిషాలు హబ్సిగూడ సిగ్నల్ దగ్గర రోజూ పోయేవే.

ఒక మెలిక ఉంది. లావు అంటే గుబ్బల టైరు కాదు. మౌంటెన్ బైకుల గుబ్బలు మట్టిలో పట్టు కోసం. తారు మీద అవి వంగుతూ లేస్తూ బలాన్ని తినేస్తాయి, హూమ్‌మని మోత వస్తుంది. నునుపు టైరు లావుగా ఉంటేనే మనకి కావాల్సింది.

అపోహ: మౌంటెన్ బైకు కొని తప్పు చేశాను, అమ్మేయాలి

అక్కర్లేదు. గుబ్బల టైర్లు తీసేసి నునుపు టైర్లు వేయించండి. 29 అంగుళాల మౌంటెన్ చక్రం, 700 సైజు హైబ్రిడ్ చక్రం, రెండింటి రిమ్ములో టైరు కూర్చునే వ్యాసం ఒకటే, 622 మిల్లీమీటర్లు. రిమ్ము మరీ వెడల్పుది కాకపోతే 700×45 లాంటిది ఎక్కుతుంది. 27.5, 26 వేరే వ్యాసాలు, వాటి టైర్లు వాటికే. షాకులకి లాక్ మీట ఉంటే వేసి ఉంచుకోండి.

అపోహ: రోడ్ బైకు మన రోడ్ల మీద విరిగిపోతుంది

ఫ్రేము విరగదు. ఫ్రాన్స్‌లో పారిస్-రూబే పందెం 1896 నుంచి నడుస్తోంది, బండరాళ్లు పరిచిన దారుల మీద రోడ్ బైకులే తొక్కుతారు. అయితే అక్కడ కూడా సన్న టైర్లు వదిలేసి ముప్పై మిల్లీమీటర్లకీ ఆ పైకీ వచ్చేశారు. దెబ్బ తినేది ట్యూబూ, రిమ్మూ, తొక్కే మనిషీ. కొత్తవాళ్లకి ఇంకో ఇబ్బంది, వంగి కూర్చోవడం. తల ఎత్తి ఆటో ఎటు తిరుగుతుందో చూడాల్సిన చోట మెడ పట్టేస్తుంది. డ్రెయిన్ జాలీ కంతల్లోకి 25 టైరు సరిగ్గా దిగబడుతుందన్నది నేను కళ్లారా చూసినదే, పక్కన పడ్డ మనిషిని లేపాను కూడా. 32 టైరు పట్టే రోడ్ బైకైతే నాకు పెద్దగా అభ్యంతరం లేదు. ఆ కుర్రాడు పాతది అమ్మలేదు. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీదకి తీసుకెళ్తాడు. 2023లో తెరిచిన ఆ ఇరవై మూడు కిలోమీటర్ల ట్రాక్ మీద ఆ టైర్లకి ఏ లోటూ లేదు.

అపోహ: హైబ్రిడ్ అని రాసి ఉంటే చాలు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక హైబ్రిడ్‌కి 32 టైరు ఉంటుంది, అది తిన్నని హ్యాండిల్ వేసిన రోడ్ బైకే. ఇంకోదానికి షాకులూ 42 టైరూ, అది నీరసపడిన మౌంటెన్ బైకు. పేరు చూడకుండా టైరు పక్కగోడ మీద అంకె చదవండి. 38 నుంచి 42 ఉండాలి, షాకుల్లేని ఫోర్కు ఉండాలి. టైరుకీ ఫోర్కుకీ మధ్య రెండు పక్కలా మీ చిటికెన వేలు దూరాలి. అంత సందు లేకపోతే మడ్‌గార్డు పట్టదు. జూలైలో మడ్‌గార్డు లేని సైకిల్ మీద ఆఫీసుకెళ్తే చొక్కా వెనక బురద గీత చూసి అందరికీ తెలిసిపోతుంది. వెనక చక్రం ఇరుసు దగ్గర క్యారియర్ బిగించే మర కన్నాలు ఉన్నాయో లేదో వంగి చూడండి. బరువు వీపు మీద నుంచి క్యారియర్ మీదకి మారితే నడుం నొప్పి, చెమట రెండూ తగ్గుతాయి.

అపోహ: ఇరవై ఒక్క గేర్లుంటేనే మంచి సైకిల్

ముందు మూడు, వెనక ఏడు. చాలా గేర్లు ఒకదానికొకటి దాదాపు సమానమే. ఉప్పల్, తార్నాక లాంటి దారికి ముందు ఒకే పళ్లచక్రం, వెనక ఎనిమిది ఉన్నా బాగా సరిపోతుంది.

అపోహ: కొత్త సైకిల్‌కి సర్వీసు ఎందుకు

మిషన్ మీద కట్టిన చక్రాల్లో స్పోకుల బిగుతు ఒకే తీరుగా ఉండదు. గతుకుల మీద రెండు వందల కిలోమీటర్లు తిరిగేసరికి కొన్ని వదులవుతాయి. ఆ భారం పక్క స్పోకుల మీద పడి అవి తెగుతాయి, ఎక్కువగా వెనక చక్రంలో చెయిన్ వైపువి. వదులైనవి కనిపెట్టడం తేలిక. వెనక చక్రంలో ఒకే పక్క ఉన్న స్పోకుల్ని వేలితో వీణ తీగలా మీటుతూ చుట్టూ రండి. దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. ఏదైనా బొంగురుగా డబ్‌మంటే అక్కడ బిగువు లేదు. స్పోక్ కీ చేతిలో ఉంది కదా అని ఆ ఒక్కదాన్నే తిప్పకండి, రిమ్ము పక్కకి లాగుతుంది. షాపులో బెండు తీయించండి. బ్యాగుతో కలిపి తొంభై కిలోలు దాటే మనుషులకి నేను వెనక చక్రంలో ముప్పై రెండు కంటే తక్కువ స్పోకులు ఉన్న సైకిల్ ఇవ్వను.

ఇక పంపు. గేజీ ఉన్న పెద్ద కాలి పంపు సైకిల్‌తో పాటే కొనండి. ట్యూబులోంచి గాలి దానంతటదే కొంచెం కొంచెం తగ్గుతుంది కాబట్టి వారానికోసారి చూడాలి. పెట్రోల్ బంకు గాలి కార్ల కోసం, సైకిల్ ట్యూబు క్షణంలో నిండి పగిలే ప్రమాదం ఉంది. వేలితో నొక్కి "గట్టిగానే ఉంది" అనుకుంటే నలభై పీఎస్‌ఐకీ అరవైకీ తేడా తెలియదు. మీ ఒత్తిడి కనుక్కోవాలంటే టైరు మీద రాసిన గరిష్ఠం కంటే పది తక్కువతో మొదలుపెట్టి, రోజుకి మూడేసి తగ్గిస్తూ పొండి. ఏదో ఒక రోజు గుంతలో రిమ్ము ఠంగుమంటుంది. అక్కడి నుంచి అయిదు పెంచి ఆ అంకెని గోడ మీద రాసుకోండి.