ఫొటోలో రసమట్టం ఉంటే రోడ్డు వాలు లెక్క కట్టవచ్చు

నా ముందున్న ఫొటోలో ఒక రోడ్డు ఎడమ నుంచి కుడికి ఎత్తుకు ఎక్కుతోంది. పక్కకు నిలబడి తీసిన ఫొటో అది. రోడ్డు మీద సుద్దతో రెండు అడ్డగీతలు ఉన్నాయి, వాటి మధ్య దూరం నేల వెంబడి టేపుతో కొలిస్తే సరిగ్గా 4 మీటర్లు. సరిగ్గా సగం దూరంలో ఒక చిన్న సుద్దగుర్తు కూడా ఉంది. ఆ రెండు గీతల నడుమ 120 సెంటీమీటర్ల స్పిరిట్ లెవెల్ ఉంది. మేస్త్రీలు దాన్నే రసమట్టం అంటారు. ఎత్తు వైపు కొస నేలకు ఆనించి, పల్లం వైపు కొస కింద చెక్కముక్కలు పేర్చి, గాజు గొట్టంలోని బుడగ ఆ గొట్టం మీది రెండు గీతల మధ్యకు వచ్చేదాకా లేపారు. ఈ ఒక్క ఫొటోతో రోడ్డు వాలు ఎంత శాతమో చెప్పవచ్చు. కాకపోతే చాలామంది మొదట చేసే లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో తెలిస్తే పద్ధతి మొత్తం అర్థమైనట్టే.

మొదటి లెక్క ఇలా ఉంటుంది. ఫొటోను కంప్యూటర్‌లో తెరిచి సుద్దగీతల స్థానాలు పిక్సెళ్లలో చూస్తాం. పల్లంలోని గీత (620, 1795) దగ్గర, ఎత్తులోని గీత (3420, 1590) దగ్గర ఉన్నాయి. ఫొటోల్లో రెండో అంకెను పై అంచు నుంచి కిందికి లెక్కిస్తారు కాబట్టి అది తగ్గిందంటే చుక్క పైకి వెళ్లిందని అర్థం. అంటే 2800 పిక్సెళ్లు పక్కకు జరిగితే 205 పిక్సెళ్లు పైకి వెళ్లాం. 205ను 2800తో భాగిస్తే 0.073, అంటే 7.3 శాతం. చూడటానికి లెక్క శుభ్రంగానే ఉంది, కానీ జవాబు తప్పు.

ఫొటో అడుగు అంచు భూమికి సమతలంగా ఉందని ఎవరు చెప్పారు? ఫోను చేతిలో ఒక డిగ్రీ పక్కకు ఒరిగినా మనకు తెలియదు. ఆ ఒక్క డిగ్రీ ఒరుగు వాలు లెక్కలో దాదాపు 1.75 శాతాన్ని కలిపేస్తుంది, లేదా తీసేస్తుంది. రోడ్ల వాలులన్నీ చిన్న కోణాలే. 9 శాతం వాలు అంటే 5 డిగ్రీలకు కొద్దిగా ఎక్కువ. అంత చిన్న కోణాన్ని కొలిచేటప్పుడు ఒక డిగ్రీ పొరపాటును క్షమించలేం.

రసమట్టం అక్కరకొచ్చేది ఇక్కడే. దాని గాజు గొట్టం తిన్నగా కనిపించినా లోపలి పైభాగం చాలా కొద్దిగా విల్లులా వంగి ఉంటుంది. బుడగ ఎప్పుడూ ఆ వంపులో అన్నిటికంటే ఎత్తైన చోటికే చేరుతుంది. అది సరిగ్గా నడిమికి వచ్చిందంటే రసమట్టం పట్టీ అంచు భూమికి సమతలంగా ఉన్నట్టే. ఆ అంచు ఫొటోలో ఎంత ఒరిగి కనిపిస్తే కెమెరా అంత ఒరిగిందన్నమాట.

రసమట్టాన్ని నేరుగా వాలు మీద పడుకోబెట్టి ఫొటో తీస్తే ఈ ప్రయోజనం దక్కదు. గొట్టం వంపు ఎంత స్వల్పమంటే, రోడ్డుకు ఉండే వాలులో బుడగ ఒక కొసకు పోయి అక్కడే ఆగిపోతుంది. 5 శాతానికీ 9 శాతానికీ తేడా లేకుండా రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే చెక్కముక్కలు పెట్టి బుడగను నడిమికి తేవలసిందే.

మన ఫొటోలో పట్టీ పై అంచు ఎడమ కొస (1210, 1641) దగ్గర, కుడి కొస (2050, 1655) దగ్గర ఉన్నాయి. 840 పిక్సెళ్లు పక్కకు వెళ్లేసరికి 14 పిక్సెళ్లు కిందికి దిగింది. నిజానికి సమతలంగా ఉన్న గీత ఫొటోలో కుడివైపు కిందికి జారుతోంది. అంటే కెమెరా ఆ మేరకు రోడ్డు వాలును తగ్గించి చూపింది. రోడ్డు గీత ఫొటోలో 4.19 డిగ్రీలు పైకి లేస్తోంది, సమతల గీత 0.95 డిగ్రీలు కిందికి దిగుతోంది. రెంటి మధ్య కోణం 5.14 డిగ్రీలు. దాని టాంజెంట్ 0.090, కాబట్టి వాలు 9.0 శాతం. స్ప్రెడ్‌షీట్‌లో అయితే ఒక్క గడిలో తేలిపోతుంది:

```
=100*TAN(ATAN(205/2800)+ATAN(14/840))
```

రెండు గీతలూ ఫొటోలో ఒకే వైపు లేస్తుంటే కూడిక బదులు తీసివేత చేయాలి. 7.3కీ 9.0కీ మధ్య తేడా అంతా ఫోను పట్టుకున్న చేతి ఒరుగే.

మరి తెలిసిన 4 మీటర్ల పొడవు దేనికి? కోణానికి అది అవసరం లేదు. అయితే దానితో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఎత్తు సెంటీమీటర్లలో వస్తుంది. 400 సెంటీమీటర్లను ఆ కోణపు సైన్‌తో గుణిస్తే 35.9 సెంటీమీటర్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. నేల వెంబడి కొలిచిన 4 మీటర్లు త్రిభుజంలో కర్ణం. వాలు శాతానికి కావలసింది కర్ణం కాదు, దాని కింద సమతలంగా ఉండే అడుగు భుజం. అది 398.4 సెంటీమీటర్లు. 35.9ని దానితో భాగిస్తే 9.0 వస్తుంది. పొరపాటున 400తో భాగిస్తే 8.96 వస్తుంది, ఆ తేడాను ఇక్కడ పట్టించుకోనక్కరలేదు. నిట్టవాలు రోడ్ల మీద మాత్రం పట్టించుకోవాలి. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో బాల్డ్విన్ వీధి అత్యధిక వాలు 34.8 శాతం. దాన్ని కర్ణంతో భాగిస్తే 32.9 అవుతుంది. 100 శాతం వాలు అంటే నిలువు గోడ అనుకునేవారు ఉన్నారు గాని, అది 45 డిగ్రీలు మాత్రమే.

రెండో పని నాకు ఎక్కువ ఇష్టం. ఆ పొడవు ఫొటోను పరీక్షిస్తుంది. సుద్దగీతల మధ్య ఏటవాలు దూరం 2807 పిక్సెళ్లు, అంటే సెంటీమీటరుకు సుమారు 7.02 పిక్సెళ్లు. ఆ కొలమానంతో రసమట్టాన్ని కొలిస్తే 119.7 సెంటీమీటర్లు తేలింది. అసలు పొడవు 120. కాబట్టి అది రోడ్డు మీది గీతల వరుసలోనే ఉంది, కెమెరాకు దగ్గరగానో దూరంగానో లేదు. ఇంకా చెప్పాలంటే పల్లం వైపు కొస కింద ఖాళీ 76 పిక్సెళ్లు, అంటే 10.8 సెంటీమీటర్లు. 10.8ని 120తో భాగిస్తే మళ్లీ 9 శాతమే. ఈ లెక్కలో కోణం ప్రసక్తే లేదు, పొడవులను కెమెరా ఒరుగు మార్చలేదు. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే ధైర్యంగా ఉంటుంది.

చేతి ఒరుగు ఒక్కటే ప్రమాదం కాదు. కెమెరా రోడ్డుకు సరిగ్గా ఎదురుగా లేకుండా పక్కకు తిరిగి ఉంటే, పక్క దూరాలు కుదించుకుపోతాయి, ఎత్తులు మాత్రం అలాగే ఉంటాయి. దాంతో వాలు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. 20 డిగ్రీలు తిరిగితే 9 శాతం 9.6 అవుతుంది. నిలబడి ఫోనును కిందికి వంచి తీస్తే దీనికి వ్యతిరేకంగా ఎత్తులు కుదించుకుపోతాయి. 25 డిగ్రీలు వంచితే 9 శాతం 8.2కి పడిపోతుంది. ఈ రెండో పొరపాటే ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే నేల మీది వస్తువును ఫొటో తీసేటప్పుడు ఎవరైనా సహజంగానే ఫోనును వంచుతారు. నేలకు దగ్గరగా కూర్చుని, ఫోనును నిటారుగా పట్టుకోవడమే దీనికి మందు. కూర్చోలేకపోయినా ఫోను నిటారుగా ఉంటే చాలు, రోడ్డు ఫొటో అడుగు భాగంలో పడినా లెక్కకు నష్టం లేదు.

ఇతరులు తీసిన ఫొటో చేతికొస్తే ఈ తప్పులను ఎలా పట్టుకోవాలి? 4 మీటర్ల మధ్యలో, సరిగ్గా 2 మీటర్ల దగ్గర మూడో సుద్దగీత ఉంటే పక్కతిరుగుడు దొరికిపోతుంది. కెమెరా 6 మీటర్ల దూరంలో ఉండి 10 డిగ్రీలు తిరిగితే, దగ్గరి సగం దూరపు సగం కంటే సుమారు 12 శాతం పొడవుగా కనిపిస్తుంది. అదే తిరుగుడు వాలు లెక్కలో తెచ్చే తప్పు మాత్రం ఒకటిన్నర శాతమే, అంటే 9.0 కాస్తా 9.14 అవుతుంది. తప్పు కంటే దాని జాడ ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపించడం ఈ పరీక్షలోని బలం. మన ఫొటోలో రెండు సగాలు 1405, 1395 పిక్సెళ్లు, కాబట్టి బెంగ లేదు. కిందికి వంచిన ఫొటోలో అయితే స్తంభాల వంటి నిలువు వస్తువులు అడుగున దగ్గరికి చేరుతున్నట్టు కనిపిస్తాయి. విశాల కోణపు లెన్స్ గీతలను వంచుతుంది. అది తెలియాలంటే రసమట్టం రెండు కొసలనూ కలుపుతూ ఫొటో మీద ఒక సరళరేఖ గీయాలి. నడుమ పట్టీ అంచు ఆ రేఖను వీడిపోతే ఆ ఫొటోను పక్కన పెట్టాలి.

రసమట్టమే తప్పుగా ఉంటే? ఒకే చోట పెట్టి చూసి, కొసలు తారుమారు చేసి మళ్లీ అక్కడే పెట్టాలి. రెండుసార్లూ బుడగ మనం చూసే వైపు నుంచి ఒకేచోట ఆగితే అది సరైనదే.

కొలిచే గీత ఏదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. వంపు తిరిగే రోడ్డుకు లోపలి అంచు దగ్గర దారి పొట్టిగా ఉంటుంది గాని ఎక్కే ఎత్తు అంతే, కాబట్టి అక్కడ వాలు ఎక్కువ. వేల్స్‌లోని హార్లెక్ పట్టణంలో ఒక వీధికి 2019లో ప్రపంచంలోనే అత్యంత నిట్టవాలు వీధి అన్న గిన్నిస్ గుర్తింపు దక్కింది. రోడ్డు మధ్యరేఖ వెంబడి కొలవాలని తేల్చాక 2020లో ఆ గుర్తింపు తిరిగి బాల్డ్విన్ వీధికి వెళ్లింది. మన ఫొటోలో కనిపించేది దగ్గరి అంచు కాబట్టి, తిన్ననైన రోడ్డుకే ఈ లెక్కను మొత్తం రోడ్డుకు వర్తింపజేయగలం.

ఇక 9.0 అన్న అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? మౌస్‌తో ఒక కొసను గుర్తించడంలో రెండు పిక్సెళ్లు అటూ ఇటూ అవుతాయి. రెండు కొసలకూ కలిపి సుమారు 3 పిక్సెళ్లు. 2800 పిక్సెళ్ల రోడ్డు గీత మీద దాని ప్రభావం 0.1 శాతం. 840 పిక్సెళ్ల రసమట్టం మీద మాత్రం 0.35 శాతం. కాబట్టి జవాబు 8.6కీ 9.4కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 20 సెంటీమీటర్ల చిన్న రసమట్టం వాడి ఉంటే ఈ తేడా 2 శాతం దాటేది, అప్పుడు ఫొటో దేనికీ పనికొచ్చేది కాదు. చక్రాల కుర్చీల ర్యాంపులకు అనేక దేశాల నియమాల్లో కనిపించే హద్దు 12కి 1, అంటే 8.33 శాతం. మన రోడ్డు ఆ హద్దు దాటిందని ఈ ఫొటోతో చెప్పగలం. జవాబు 8.6 వచ్చి ఉంటే చెప్పలేకపోయేవాళ్లం. అప్పుడు 3 మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీ తెచ్చి, దాని మీద రసమట్టాన్ని ఉంచి, బుడగను నడిమికి తెచ్చి, పట్టీ అంచును సమతల గీతగా తీసుకుని మళ్లీ ఫొటో తీయాలి. ఆ అంచు 2100 పిక్సెళ్లు పొడవుంటుంది కాబట్టి అనుమానం 0.2 శాతానికి దిగుతుంది.