స్టీరియోనెట్‌లో ఫోల్డ్ యాక్సిస్: అపోహలు - వాస్తవాలు

ఎమ్మెస్సీ ఫీల్డ్ రిపోర్టుల్లో ఫోల్డ్ యాక్సిస్ దగ్గరికొచ్చేసరికి ఎక్కువగా కనబడే తప్పులు ప్లాటింగ్ రాక జరిగేవి కాదు, ఏ రీడింగ్ యాక్సిస్ గురించి ఎంత చెప్పగలదో తెలియక జరిగేవి. నల్లమల ఫోల్డ్ బెల్ట్‌లో మడతలు మొత్తమ్మీద ఉత్తర-దక్షిణంగా సాగుతాయి కదా, ఆ తరహా మడతే ఒకటి తీసుకుందాం, అంకెలు మాత్రం లెక్క కోసం నేను పెట్టుకున్నవి. తూర్పు లింబ్ 340/36, పడమటి లింబ్ 200/64, హింజ్ దగ్గర బెడ్ 280/20. అన్నీ రైట్ హ్యాండ్ రూల్‌లో, అంటే స్ట్రైక్ వైపు మొహం పెట్టి నిలబడితే డిప్ మన కుడిచేతి వైపు ఉంటుంది.

అపోహ: ఒక లింబ్ మీదైనా సరే బోలెడు రీడింగ్స్ తీసి గ్రేట్ సర్కిల్స్ గీస్తే అవి ఖండించుకునే చోటే యాక్సిస్.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది పడిపోతారు. తూర్పు లింబ్ మీదే రెండు రీడింగ్స్ తీశారనుకోండి, ఒకటి 340/36, రెండోది కంపాస్ కాస్త కదిలి 343/36 వచ్చింది. ఈ రెండు గ్రేట్ సర్కిల్స్ ఖండించుకునేది దాదాపు 071 వైపు 36 డిగ్రీల ప్లంజ్‌తో, అంటే అది బెడ్ డిప్ అయ్యే దిక్కే తప్ప యాక్సిస్ కాదు. అదే స్ట్రైక్ సరిగ్గా వచ్చి డిప్‌లో తేడా పడి 340/38 అయితే ఖండన 340 వైపు ప్లంజ్ సున్నాతో వస్తుంది. అసలు యాక్సిస్ 010 వైపు 20 డిగ్రీలు. చూడండి, రెండు మూడు డిగ్రీల కొలత తేడా సమాధానాన్ని ఎక్కడికి విసిరేసిందో! దాదాపు సమాంతరంగా ఉన్న ప్లేన్స్ ఖండించుకునే చోటుని నిర్ణయించేది మడత కాదు, మీ కొలతలో పొరపాటు. పైగా 20 రీడింగ్స్ ఉంటే 190 ఖండనలు వస్తాయి, వాటిలో ఒకే లింబ్ జతలు కొన్ని ఎక్కడో గుంపు కట్టి నిజమైన యాక్సిస్‌లా కనబడొచ్చు.

అందుకే ప్లేన్స్ బదులు పోల్స్ వెయ్యాలి. 340/36 కి ట్రేసింగ్ పేపర్ మీద 340 గుర్తుని నెట్ ఉత్తరానికి తిప్పి, కేంద్రం నుంచి పడమటి వైపు 36 డిగ్రీలు లెక్కపెట్టి చుక్క పెట్టండి, పేపర్ వెనక్కి తిప్పితే పోల్ 250 వైపు 54 ప్లంజ్‌తో ఉంటుంది. పడమటి లింబ్ పోల్ 110/26, హింజ్ పోల్ 190/70. ఇప్పుడు మూడు చుక్కలూ ఒకే గ్రేట్ సర్కిల్ మీదకొచ్చేదాకా పేపర్ తిప్పండి. ఆ సర్కిల్ 190 వైపు 70 డిగ్రీలు డిప్ అవుతుంది, దాని పోల్ 010/20, అదే మన యాక్సిస్. నిజం డేటాలో చుక్కలు అటూఇటూ చెదిరి ఉంటాయి కాబట్టి కాంటూర్ గీసుకోవాల్సొస్తే ఈక్వల్ ఏరియా నెట్టే వాడండి.

అపోహ: సాఫ్ట్‌వేర్ బెస్ట్ ఫిట్ యాక్సిస్ ఇచ్చింది కాబట్టి అది యాక్సిసే.

వాస్తవం: ఒక్క లింబ్ డేటా ఇచ్చినా అది ఏదో ఒక అంకె ఇస్తుంది, అడగ్గానే ఇస్తుంది. ఐగెన్ వాల్యూస్ చూడండి. మూడింటిలో అన్నిటికంటే చిన్నది మిగతా రెండింటి కంటే స్పష్టంగా తక్కువగా ఉంటేనే పోల్స్ పట్టీలా పరుచుకున్నట్టు. ఒకటి చాలా పెద్దదై మిగతా రెండూ దగ్గరదగ్గరగా ఉంటే చుక్కలన్నీ ఒకే గుంపు, అప్పుడు యాక్సిస్ దిక్కుకి అర్థం లేదు, ఇంకో లింబ్‌కీ హింజ్‌కీ వెళ్లి కొలుచుకు రావాల్సిందే. పోల్స్ గ్రేట్ సర్కిల్ మీద కాకుండా స్మాల్ సర్కిల్ మీద వంగితే అది సిలిండ్రికల్ మడతే కాదు.

అపోహ: స్ట్రైక్ 340 అన్నా 160 అన్నా ఒకటే.

వాస్తవం: గీత ఒకటే, కానీ సాఫ్ట్‌వేర్‌లో 160/36 అని కొడితే బెడ్ పడమటికి తిరిగి పోల్ 070/54 కి వెళ్లిపోతుంది. మన ఉదాహరణలో ఆ చుక్క పట్టీ బయట ఒంటరిగా పడుతుంది కాబట్టి పట్టుకోవచ్చు. ప్రమాదమంతా ప్లంజ్ సున్నాకి దగ్గరగా ఉన్న మడతల్లో. అక్కడ పట్టీ కేంద్రం గుండా పోతుంది, తిరగబడిన పోల్ కూడా అదే పట్టీ మీదే పడుతుంది, యాక్సిస్ మారదు గానీ ఏ లింబ్ ఎటు డిప్ అవుతుందన్నది తారుమారు అవుతుంది. నోట్‌బుక్‌లో డిప్ దిక్కు అక్షరంతో రాసుంటేనే బయటపడుతుంది.

అపోహ: నెట్ చూసి యాంటీఫార్మా సిన్‌ఫార్మా చెప్పొచ్చు.

వాస్తవం: చెప్పలేం. నెట్‌కి దిక్కులే తెలుసు, రీడింగ్ ఎక్కడ తీశారో తెలియదు. పడమటికి డిప్ అయ్యే లింబ్ మ్యాప్‌లో పడమటనే ఉంటే యాంటీఫార్మ్, తూర్పున ఉంటే సిన్‌ఫార్మ్, రెండిటికీ ప్లాట్ ఒక్కటే.

ఇంకొకటి, కంభం స్లేట్ లాంటి రాళ్లలో క్లీవేజ్‌ని బెడ్డింగ్ అనుకుని కొలిచినా ప్లాట్ పట్టివ్వదు, ఎందుకంటే యాక్సియల్ ప్లేనార్ క్లీవేజ్ పోల్ కూడా అదే పట్టీ మీద పడుతుంది. అందుకని రంగు మారే పొరో ఇసుక పొరో చూసి అది బెడ్డింగేనని రాతి దగ్గరే తేల్చుకోండి, క్లీవేజ్ ముఖం మీద ఆ పొర గీసే సన్న గీత ట్రెండూ ప్లంజూ కూడా కొలవండి, అది 010/20 దగ్గర్లో పడితే మీ పట్టీ యాక్సిస్‌కి అదే సాక్ష్యం.