ఫోను చెప్పే క్యాలరీల లెక్క: అపోహలు - వాస్తవాలు

అపోహ: వయసు, ఎత్తు, బరువు ఇస్తే నాకు రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో క్యాలిక్యులేటర్ కచ్చితంగా చెబుతుంది.

వాస్తవం: అది చెప్పేది మీలాంటి కొలతలున్నవారి సగటు. చాలా క్యాలిక్యులేటర్ల వెనక ఉన్నది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. దాదాపు 500 మంది అమెరికన్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎంత ప్రాణవాయువు వాడుకుంటున్నారో కొలిచి దాన్ని రూపొందించారు.

విశాఖపట్నం సీతమ్మధారలో ఉండే 42 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని ఒకామె ఉందనుకుందాం. బరువు 68 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసుకు 5 రెట్లు, స్త్రీ కాబట్టి మరో 161 తీసేయాలి. వచ్చేది 1,284. రోజంతా కదలకుండా పడుకున్నా శరీరం ఖర్చుచేసే శక్తి ఇది. అసలు విలువ దీనికి పది శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. ఒకే బరువున్న ఇద్దరిలో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది సూత్రానికి తెలియదు. పాశ్చాత్యుల కొలతలతో కట్టిన సూత్రాలు మనవాళ్లకు తరచూ కొంత ఎక్కువే చూపుతాయి.

ఇంతవరకు జరిగే పొరపాటు చిన్నదే. పెద్దది తరువాతి మెట్టులో ఉంది. ‘మీరు ఎంత చురుగ్గా ఉంటారు?’ అని ఫోను అడుగుతుంది. ఎక్కువగా కూర్చునేవారైతే 1,284ను 1.2తో, ‘మధ్యస్థం’ అంటే 1.55తో గుణిస్తుంది. ఆమె రోజూ ఉదయం బీచ్ రోడ్డులో అరగంట నడుస్తుంది కనుక నిజాయతీగానే ‘మధ్యస్థం’ నొక్కుతుంది. 1,541 రావలసిన చోట 1,990 వస్తుంది. అంటే ఆ నడకకు ఫోను ఇచ్చిన విలువ దాదాపు 450 క్యాలరీలు. ఆమె బరువున్న మనిషి అరగంట చురుగ్గా నడిస్తే, కూర్చున్నప్పటికంటే అదనంగా ఖర్చయ్యేది 90 వరకే. ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నుంచి చేపల గంపలు మోసే మహిళకు 1.55 సరిపోవచ్చు, అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. మిగతా రోజంతా కౌంటరు వెనక కూర్చునే ఆమెకు మాత్రం 1.2తో మొదలుపెట్టి నడక ఖర్చును విడిగా కలుపుకోమంటాను. అప్పుడు 1,630 వస్తుంది.

అపోహ: ప్యాకెట్ మీది అంకె ఆ పదార్థాన్ని కొలిచి వేసినది.

వాస్తవం: సాధారణంగా అది గుణకారం. పిండిపదార్థానికి, ప్రోటీనుకు గ్రాముకు 4, కొవ్వుకు 9 చొప్పున కడతారు. ఆ పదార్థం మన పేగుల్లో ఎంతవరకు అరుగుతుందన్నది ఈ సగటులకు పట్టదు. ఈ లెక్కన 28 గ్రాముల బాదం గింజలకు 170 క్యాలరీల వరకు వస్తాయి. మనుషులకు తినిపించి, విసర్జనలో పోయినది కూడా కొలిస్తే ఒంటికి చేరింది 129 అని అమెరికాలో చేసిన ఒక ప్రయోగం తేల్చింది. గట్టి కణ గోడల్లో చిక్కుకున్న కొవ్వు కొంత అరగకుండానే బయటికి పోతుంది.

ఇంటి వంటలో తేడా ఇంకా ఎక్కువ. ఫోనులో ‘ఒక దోసె’ అని ఉంటుంది, మన పెనం వెడల్పు దానికి తెలియదు. ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 క్యాలరీలు ఉంటాయి.

అపోహ: లెక్క ప్రకారమే తిన్నాను, బరువు తగ్గలేదు. నా జీవక్రియ మందగించింది.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది నొచ్చుకుంటూ చెప్పే మాట ఇది. ముందు అనుమానించాల్సింది లెక్కను. మన బ్యాంకు ఉద్యోగిని 1,990లోంచి 500 తగ్గించి, రోజుకు 1,490 చొప్పున నాలుగు వారాలు తిన్నదనుకోండి. సుమారు 1.8 కిలోలు తగ్గాలని ఫోను చెప్పింది. తగ్గింది 0.3 కిలో.

ఆ 0.3 కిలోనే ఆమె అసలు అవసరాన్ని చెబుతుంది. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు. 0.3తో గుణిస్తే 2,310, దాన్ని 28 రోజులకు పంచితే రోజుకు 82. తిన్న 1,490కి ఇది కలిపితే 1,570 దగ్గర తేలుతుంది. తిన్నది పుస్తకంలో రాసుకోవడంలో నూనె కొంత తప్పిపోయినా ఫరవాలేదు. ఇకముందు కూడా అదే తీరున రాసుకుంటే ఆ లోటు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. 1,570 అన్నది ఆమె పుస్తకం లెక్కలో ఆమె అంకె, అందులోంచే తగ్గించుకోవాలి.

దీనికి బరువు సరిగ్గా చూడాలి. ఉదయం కాలకృత్యాల తరువాత, ఏమీ తినకముందు రోజూ తూగి, వారం సగటును మరో వారం సగటుతో పోల్చాలి. ఆవకాయ ఎక్కువైన మర్నాడు పెరిగే కిలో ఉప్పు పట్టి ఉంచిన నీరు. తిండి తగ్గించిన మొదటి వారం తగ్గేదాంట్లోనూ నీటి పాలు ఎక్కువ కాబట్టి, ఆ వారాన్ని వదిలేసి లెక్క మొదలుపెట్టడం మేలు. నెలసరి వచ్చే స్త్రీలు ఒక నెలలోని వారాన్ని మరుసటి నెలలో అదే వారంతో పోల్చాలి. గర్భిణులకు, థైరాయిడ్ మందు మోతాదు మారుతున్నవారికి ఈ లెక్క పనికిరాదు.