షుగర్ పొడి డబ్బా మీది నంబరు దేనికిచ్చారు?

విజయవాడ మూలికల షాపుల్లో, గుంటూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో షుగర్ జబ్బుకని అమ్మే మూలికల పొడుల గొడవ మళ్ళీ లేచింది. అమ్మేవాళ్ళు ‘మాకు గవర్నమెంటు లైసెన్సు ఉంది, నంబరు డబ్బా మీదే ఉంది చూసుకోండి’ అంటున్నారు. వాడి ఇబ్బంది పడ్డవాళ్ళు ‘లైసెన్సున్న మందు ఇలా ఎందుకు చేసింది’ అని నిలదీస్తున్నారు. నంబరు ఉన్నమాట నిజమే. అది మందుకిచ్చిన నంబరేనా అన్నది మాత్రం ఇరువైపులా ఎవరూ అడగడం లేదు.

ఆయుర్వేదం ఎంత పాతదో, కృష్ణపట్నంలో కరోనా మందు పంచిన రోజుల్లో ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. ఇప్పటి తగాదాకి మూలం 2018 జనవరి 1 అని నా అభిప్రాయం. 2016లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తెచ్చిన న్యూట్రాస్యూటికల్, అంటే ఆరోగ్యం కోసమని తీసుకునే ఆహార ఉత్పత్తుల, నిబంధనలు ఆ రోజు నుంచే అమలయ్యాయి. అశ్వగంధ లాంటి మూలికల్ని, రోజుకి ఇంత మోతాదు మించకుండా, ఆహారం కింద అమ్ముకోవచ్చని అందులో ఒక జాబితా ఇచ్చారు. రెండు షరతులు పెట్టారు. జబ్బు నయం చేస్తుందని చెప్పకూడదు. డబ్బా మీద ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని స్పష్టంగా రాయాలి. అంటే మందుగా వాడటానికి కాదని.

అంతకుముందు దారి ఒక్కటే. 1940 నాటి డ్రగ్స్ చట్టంలో 1964లో ఆయుర్వేదానికి విడిగా ఒక అధ్యాయం చేర్చారు. మందు తయారు చేయాలంటే రాష్ట్ర ఆయుష్ అధికారి దగ్గర ఫారం 25-డి లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సుతోపాటు ఉత్పత్తుల పట్టిక ఉంటుంది. పట్టికలో లేని మందు తయారు చేయడానికి లేదు. 2018 చివర్లో ఆయుర్వేద మందుల ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలంటూ రూల్ 170 వచ్చింది. 2024 జూలైలో కేంద్రం ఆ రూల్ ఎత్తేసింది, ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, తప్పుదారి పట్టించే ప్రకటనల మీద నడుస్తున్న అసలు కేసునే 2025 ఆగస్టులో మూసేసింది. పత్రికలన్నీ దాని మీదే రాశాయి. కానీ ఆ రూల్ మందులకే, ఆహారం లైసెన్సు మీద వచ్చే పొడికి అది ఎప్పుడూ వర్తించలేదు. షుగర్ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం ఎటూ నేరమే. ఆ మాట వాట్సాప్ ఆడియోలో చెబితే పట్టుకునేవాళ్ళెవరు?

గుంటూరులో మా పిన్నిది ఈ కథే. వయసు 68. పదేళ్ళుగా షుగర్ బిళ్ళ వాడుతోంది. ఎవరో చెబితే పొడి తెప్పించుకుని బిళ్ళతోపాటు వేసుకుంది. ‘ఒరేయ్, నాలుగు రోజుల్లోనే 210 నుంచి 120కి దిగిందిరా’ అని ఫోన్లో సంబరంగా చెప్పింది. రెండో వారం తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, చేతుల వణుకు. ఆసుపత్రిలో చూస్తే షుగర్ 48. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకుంది. అంత త్వరగా దిగిందని సంబరపడ్డప్పుడే అనుమానపడాల్సింది. ఇలాంటి పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ లాంటి ఇంగ్లీషు మందులు కలిపి దొరికిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. గ్లిబెన్‌క్లమైడ్ పెద్దవాళ్ళ ఒంట్లో చాలాసేపు ఉంటుంది, అందుకే తెల్లవారుజామున పడిపోతారు. పిన్ని పొడిని మేం పరీక్ష చేయించలేదు కాబట్టి దాన్లో అదే ఉందని నేను అనను.

డబ్బా మాత్రం తెచ్చుకుని చదివాను. ముందువైపు నేరేడు కాయల బొమ్మ, మధుమేహానికి శాశ్వత పరిష్కారమని పెద్దక్షరాలు. వెనక 14 అంకెల నంబరు. 14 అంకెలుంటే అది ఎఫ్ఎస్ఎస్ఏఐది, ఆహారానిది. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్. దీని మొదటి అంకె 2. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ లైసెన్సుల వెబ్‌సైటు ఫోస్కోస్‌లో ఆ నంబరు కొడితే పేరు, అడ్రసు సరిగ్గానే వచ్చాయి. ఉత్పత్తుల దగ్గర మాత్రం కారాలు, మసాలా పొడులు అని ఉంది. అమ్మినాయన అబద్ధమేమీ చెప్పలేదు, నంబరు నిజమైనదే. అది కారప్పొడికిచ్చిన నంబరు.

పదార్థాల పట్టిక ఇలా ఉంది: నేరేడు గింజలు, పొడపత్రి, కాకర, మెంతులు, ఇతర అరుదైన మూలికలు. ఏది ఎన్ని గ్రాములో లేదు. ఆ చివరి మూడు మాటల్లో ఏదైనా దాగొచ్చు. ఆయుర్వేద మందు లేబులైతే రూల్ 161 ప్రకారం ప్రతి మూలిక శాస్త్రీయ నామం, మొక్కలో వాడిన భాగం, పరిమాణం రాయాలి. త్రిఫల చూర్ణం తీసుకోండి. కరక్కాయ టెర్మినేలియా చెబ్యులా, తానికాయ టెర్మినేలియా బెల్లిరికా, ఉసిరి ఎంబ్లికా అఫిసినాలిస్, మూడూ కాయల పెచ్చులే, సమపాళ్ళు. లెక్క కలుస్తుంది. దాంతోపాటు ‘ఆయుర్వేదిక్ మెడిసిన్’ అన్న మాట, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, తయారుచేసినవాళ్ళ అడ్రసు ఉండాలి.

ఆ అడ్రసు దగ్గరే చాలామంది మోసపోతారు. ‘మార్కెటెడ్ బై’ అని విజయవాడ అడ్రసు కనిపిస్తే మనూరి కంపెనీ అనుకుంటాం. మార్కెటింగ్ చేసేవాళ్ళకి 25-డి అక్కర్లేదు. లైసెన్సు నంబరు ‘మాన్యుఫాక్చర్డ్ బై’ పక్కనున్నవాళ్ళది, కాబట్టి ఆ ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రం ఇచ్చినదై ఉండాలి. నంబరు రాసే తీరు రాష్ట్రానికోరకం గనక చూడగానే అసలో నకిలీయో చెప్పలేం. పైగా నిజమైన నంబరునే పట్టికలో లేని పొడి మీద కూడా అచ్చు వేసుకోవచ్చు. కంపెనీకి ఫోన్ చేసి ‘25-డి పట్టికలో ఈ ఉత్పత్తి ఉన్న పేజీ పంపండి’ అని అడగడమే ఇంట్లో కూర్చుని చేయగలిగిన గట్టి పరీక్ష. ఇక్కడి చిన్న తయారీదారు ఒకాయన్ని అడిగితే పావుగంటలో పంపాడు. పిన్ని పొడి వాళ్ళు ఫోన్ పెట్టేశారు.

షాపాయన మాట కూడా రాయాలి. ‘నేను అమ్మేవాణ్ణే బాబూ, తయారుచేసేవాణ్ణి కాదు. ఆయుర్వేదం అమ్మడానికి డ్రగ్ లైసెన్సు అడగరు’ అన్నాడు. అది నిజమే, చట్టం అలాగే ఉంది.

లైసెన్సు, లేబులు రెండూ సరిగ్గా ఉన్నా లోపల ఇంగ్లీషు మందు కలిపితే అది కంటికి కనపడదు, ల్యాబ్‌లోనే తేలాలి. ఆహారం కింద అమ్మిన పొడైతే 2006 ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కొనేవాళ్ళకి ఒక హక్కిచ్చింది. కొనేటప్పుడే ‘పరీక్షకి పంపుతున్నాను’ అని షాపులో చెప్పి, ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుకి ఇవ్వొచ్చు. తేడా తేలితే ఫీజు వెనక్కిస్తారు. ఏ మందు కలిసిందని అనుమానమో కాగితం మీద పేరుతో సహా రాసివ్వాలి, లేకపోతే మామూలు ఆహార పరీక్షలు చేసి బాగానే ఉందనే వీలుంది. పిన్ని డబ్బాలో ఇంకా సగం పొడి ఉంది గానీ, అది చెప్పకుండా కొన్నది, మూత తీసినది. ఈసారి షాపుకెళ్ళి ముందే చెప్పి కొత్త డబ్బా కొంటాను.