సత్యం పేరును నాలుగేళ్లు ఎందుకు ఉంచారు?

2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ను టీవీలో చూసినవాళ్లకు మైదానం అంచున ప్రకటన బోర్డుల మీద ‘మహీంద్రా సత్యం’ అన్న పేరు కనిపించే ఉంటుంది. అప్పటికి ఏడాదిన్నర కిందటే ఆ రెండో మాట దేశంలో కార్పొరేట్ మోసానికి మారుపేరైపోయింది. కంపెనీని కొన్నవాళ్లు తలచుకుంటే ఆ మాటను మొదటి రోజే చెరిపేసేవాళ్లు. అలా చేయకపోగా, ప్రపంచమంతా చూసే చోట దాన్ని పెద్ద అక్షరాలతో పెట్టారు. మళ్లీ 2013లో పూర్తిగా తీసేశారు. మచ్చపడిన పేరును ఎప్పుడు వదులుకోవాలి, ఎప్పుడు ఉంచుకోవాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా చాలామంది విదేశీ ఉదాహరణలు వెతుకుతారు. హైదరాబాద్‌లో జరిగిన ఈ ఉదాహరణే నాకు ఎక్కువ పనికొచ్చేదిగా అనిపిస్తుంది. ఎందుకంటే ఒకే మోసం నుంచి బయటపడిన నాలుగైదు పేర్లకు ఇక్కడ నాలుగైదు రకాల గతి పట్టింది.

1987లో బి. రామలింగరాజు హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లలో అది దేశంలో నాలుగో పెద్ద ఐటీ ఎగుమతి సంస్థ అయింది. 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కూడా దాని షేర్లు నడిచేవి. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలన బాగుందంటూ ఒక అంతర్జాతీయ అవార్డు కూడా ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన రెండు కంపెనీలు, మేటాస్ ఇన్‌ఫ్రా, మేటాస్ ప్రాపర్టీస్‌ను 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు సత్యం ప్రకటించింది. మదుపరులు మండిపడటంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న రాజు బోర్డుకు రాసిన లేఖలో అసలు సంగతి బయటపెట్టారు. లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ రోజు ఉదయం దాకా 180 రూపాయల దగ్గర ఉన్న షేరు సాయంత్రానికి 40కి దిగిపోయింది.

కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తప్పించి, కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ లాంటివాళ్లతో కొత్త బోర్డును వేసింది. ఏప్రిల్ 13న వేలం జరిగింది. టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు ఇస్తానని గెలిచింది. ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసల దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత రెండు నెలలకే, జూన్‌లో, మహీంద్రా సత్యం అన్న కొత్త బ్రాండ్ పేరు వచ్చింది.

కొన్నవాడి సొంత పేరు చేతిలో ఉన్నప్పుడు ఇలా అతుకుల పేరు ఎందుకన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు రెండు కంపెనీల వ్యాపారాల్లోనే ఉంది. టెక్ మహీంద్రా మొదట మహీంద్రా బ్రిటిష్ టెలికామ్. ఆ పేరు 2006లోనే మారింది. అయితే పేరు మారినా దాని ఆదాయం ఎక్కువగా టెలికాం నుంచి, అందులోనూ బ్రిటిష్ టెలికామ్ ఒక్కదాని నుంచే వచ్చేది. సత్యానిది వేరే దారి. ఫ్యాక్టరీలు, బ్యాంకులు, రిటైల్ సంస్థలకు శాప్, ఒరాకిల్ లాంటి సాఫ్ట్‌వేర్ అమర్చి నడిపించడంలో దానికి పేరుంది. అమెరికాలో ఒక కార్ల కంపెనీ ఐటీ విభాగం అధిపతికి సత్యం అంటే తన సర్వర్లు చూసుకునే టీమ్, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే ప్రాజెక్ట్ మేనేజర్. టెక్ మహీంద్రా అంటే అతనికి పెద్దగా తెలియదు. పేరును ఒక్కసారిగా తీసేస్తే, కొన్న డబ్బుకు దక్కిన ఆ పరిచయమే పోతుంది.

పేరు మార్పు గురించి ఆలోచించేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే: మచ్చ ఎక్కడ పడింది, ఎవరి కళ్లలో పడింది? సత్యంలో దొంగతనం లెక్కల పుస్తకాల్లో జరిగింది, రాసిన కోడ్‌లో కాదు. మోసపోయింది వాటాదారులు. ఖాతాదారులకు అందాల్సిన పని అందుతూనే ఉంది. వాళ్ల భయం వేరు. ఈ కంపెనీ వచ్చే నెల జీతాలు ఇవ్వగలదా, మా ప్రాజెక్ట్ మధ్యలో ఆగిపోతుందా అన్నదే వాళ్ల టెన్షన్. ఆ భయానికి మందు పాత పేరును దాచడం కాదు, వెనకాల డబ్బున్న పెద్ద ఇల్లు ఒకటి ఉందని చూపించడం. అందుకే మహీంద్రా ముందుకు వచ్చింది, సత్యం వెనక్కి జరిగింది. అలాగని అందరూ నిలబడలేదు. కొందరు ఖాతాదారులు వెళ్లిపోయారు, వేలమంది ఉద్యోగులను పని లేని వర్చువల్ పూల్‌లోకి పంపారు. అర్థం వల్ల కూడా ఆ పేరుకు ఇబ్బంది తప్పలేదు. ‘అసత్యం’ అని రాయని పత్రిక ఆ రోజుల్లో లేదంటే అతిశయోక్తి కాదు. కానీ ఆ వెటకారం మనకే అర్థమవుతుంది, డెట్రాయిట్‌లోని ఖాతాదారుకు కాదు.

మారింది బ్రాండ్ పేరే. రిజిస్టరైన కంపెనీ పేరు చివరిదాకా సత్యం కంప్యూటర్ సర్వీసెస్ లిమిటెడ్‌గానే ఉంది. ఈ రెండింటికీ ఉన్న తేడాను చాలామంది పట్టించుకోరు. బోర్డు మీది పేరు, లోగో, వెబ్‌సైటు మార్చడానికి యాజమాన్యం నిర్ణయం చాలు. చట్టంలో ఉన్న పేరు మార్చాలంటే వాటాదారుల ఓట్లలో నాలుగింట మూడు వంతులు అనుకూలంగా పడాలి, రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ కొత్త సర్టిఫికెట్ ఇవ్వాలి. అంత చేసినా పాత బాకీలు, పాత కేసులు పాత పేరుతోనే ఆగిపోవు, కొత్త పేరు వెంట వస్తాయి. ఇప్పుడున్న 2013 కంపెనీల చట్టం ఇంకో మెలిక కూడా పెట్టింది. పేరు మార్చుకున్న కంపెనీ రెండేళ్ల పాటు కొత్త పేరు పక్కన పాత పేరు కూడా రాసి చూపించాలి. పేరు మార్చి తప్పించుకుందాం అనుకునేవాళ్లకు చట్టం ఇచ్చిన జవాబు అది.

సత్యం వెంట వచ్చినవి చిన్నవేమీ కావు. నిజమైన లెక్కలు తిరగరాయడానికే 2010 సెప్టెంబరు చివరిదాకా పట్టింది. ఆ ఆలస్యం వల్లే న్యూయార్క్ లిస్టింగ్ వదులుకోవాల్సి వచ్చింది. అమెరికాలో మదుపరులు వేసిన క్లాస్ యాక్షన్ దావా 2011లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ అయింది. అక్కడి నియంత్రణ సంస్థకు ఇంకో కోటి డాలర్లు కట్టారు. ఇక్కడేమో, రాజు లేఖలో ఒప్పుకున్న 1,230 కోట్ల అప్పు ఇచ్చింది మేమేనంటూ 37 కంపెనీలు కోర్టుకెక్కాయి. ఇవన్నీ వేలాడుతుండగా సత్యాన్ని టెక్ మహీంద్రాలో కలిపేస్తే ఆ బరువంతా కొత్త ఇంటి మీద పడేది. పైగా లెక్కలు తేలకుండా ఒక కంపెనీ షేరుకు ఇంకో కంపెనీ షేర్లు ఎన్ని ఇవ్వాలో ఎవరు చెప్పగలరు? పేరు నాలుగేళ్లు మిగలడానికి బ్రాండింగ్ తెలివి ఎంత కారణమో, ఈ చిక్కుముళ్లూ అంతే కారణం అని నా అభిప్రాయం.

2012 మార్చిలో విలీనం ప్రకటించారు. 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు అన్నారు. 2013 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకుంది. సత్యం అన్న మాట అక్కడితో అయిపోయింది. నాలుగేళ్లు పక్కపక్కన చూసిన ఖాతాదారులకు అప్పటికి మహీంద్రా అలవాటైపోయింది కాబట్టి, ఆ మాట పోయిందని కంగారుపడినవాళ్లు పెద్దగా లేరు.

రాజు స్థాపించిన ఇంకో సంస్థ కథ చూస్తే ఈ లెక్క ఇంకా తేటగా తెలుస్తుంది. 2005లో మొదలైన ఈఎంఆర్ఐ, అంటే 108 అంబులెన్సులను నడిపే సంస్థ. 2009లో దాన్ని జీవీకే తీసుకుంది, సంస్థ పేరుకు ముందు జీవీకే చేరింది. అంబులెన్సు మీద ఉన్న 108 మాత్రం కదల్లేదు. రోడ్డు మీద దెబ్బ తగిలినవాడికి తెలిసింది ఆ నంబరే. దాని వెనక ఎవరున్నారో అతనికి అక్కర్లేదు, అందుకే మచ్చ అక్కడిదాకా చేరనే లేదు. అలాంటి పేరును మార్చి ఉంటే అది తెలివితక్కువ పనే కాదు, ప్రాణాల మీదికి వచ్చే పని.

వస్తువుకే మచ్చ పడినప్పుడు సంగతి వేరు అనుకుంటాం. అక్కడ కూడా పేరు మార్చడమే దారి కాదని మ్యాగీ చూపించింది. 2015 జూన్‌లో సీసం ఎక్కువగా ఉందని, రుచి కోసం వాడే ఎంఎస్‌జీ విషయంలో ప్యాకెట్ మీద తప్పు రాశారని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, గుర్తింపు ఉన్న ల్యాబుల్లో మళ్లీ పరీక్ష చేయించమంది. పరీక్షల్లో నెగ్గి నవంబరులో అదే పసుపు ప్యాకెట్‌లో, అదే పేరుతో తిరిగి వచ్చింది. ఆరోపణ తప్పో ఒప్పో పరీక్షతో తేలే రకం అయితే పేరును ఉంచుకోవడమే మేలు. అలాంటప్పుడు పేరు మారిస్తే ఒప్పుకున్నట్టే లెక్క. సత్యంలో తేల్చడానికి ఏమీ మిగల్లేదు, యజమానే రాసి ఇచ్చాడు.

ఇక మేటాస్. ఇంగ్లిష్ అక్షరాలను తిరగేసి చదివితే సత్యం అని కనిపించే పేరు కాబట్టి దాన్ని ఉంచే ప్రసక్తే లేదు. ఆ పేరుకంటూ విడిగా సంపాదించిన మంచి కూడా పెద్దగా లేదు. హైదరాబాద్ మెట్రోను ప్రభుత్వానికే 30 వేల కోట్లు ఎదురిచ్చి కడతామని 2008లో దక్కించుకుని, 2009లో పోగొట్టుకున్న సంస్థ అది. మౌలిక సదుపాయాల ప్రాజెక్టులకు డబ్బు సమకూర్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ దాన్ని చేతిలోకి తీసుకుంది. బాచుపల్లి దగ్గరి మేటాస్ హిల్ కౌంటీ వట్టి హిల్ కౌంటీ అయింది. మేటాస్ ఇన్‌ఫ్రా పేరేమో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ ఇంజినీరింగ్ అండ్ కన్‌స్ట్రక్షన్‌గా మారింది. కొత్త యజమాని పరువును అరువు తెచ్చుకుని పాత మచ్చ కప్పుకోవడం అన్నమాట. ఆ అరువుకు ఒక ప్రమాదం ఉంది. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అప్పులు కట్టలేక కూలిపోయింది. కేంద్రం సత్యం విషయంలో చేసినట్టే దాని బోర్డునూ తప్పించి కొత్తది వేసింది. ఆ కొత్త బోర్డులో వినీత్ నయ్యర్ ఉన్నారు. మహీంద్రా సత్యాన్ని గట్టెక్కించినవాళ్లలో ముఖ్యుడు ఆయనే.