హెడ్‌లైన్ గెలిచింది సరే, కింద ఉన్న పేజీ సంగతేంటి? కొన్ని అపోహలు, వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో కూర్చొని చిన్న వ్యాపారాలకు ల్యాండింగ్ పేజీలు, అంటే లింక్ నొక్కగానే తెరుచుకునే అమ్మకం పేజీలు రాసి, టెస్ట్ చేసి ఇవ్వడం నా పని. గద్వాల చీరలు అమ్మే ఒకావిడకు చేసిన పేజీ గురించి చెప్తాను. అంకెలు మాత్రం లెక్కకు తేలిగ్గా ఉండేలా గుండ్రం చేశాను.

పాత హెడ్‌లైన్ "గద్వాల చేనేత చీరలు, నేరుగా నేసినవారి ఇంటి నుంచే". పోటీకి పెట్టింది "రోజంతా కట్టుకున్నా బరువనిపించని గద్వాల చీర". వచ్చినవాళ్లలో సగం మందికి ఒకటి, మిగతా సగానికి ఇంకోటి చూపిస్తే, నాలుగు వారాల్లో ఒక్కోటి 2,000 మంది చూశారు. పాతది చూసినవాళ్లలో 60 మంది వాట్సాప్ బటన్ నొక్కి మెసేజ్ పెట్టారు, కొత్తది చూసినవాళ్లలో 88 మంది. అంటే 3 శాతం ఒకవైపు, 4.4 శాతం ఇంకోవైపు. కొత్తదే గెలిచింది. ఆవిడ ఫోన్ చేసి "అయిపోయింది కదన్నా, ఇంకేం మారుస్తవ్?" అన్నది.

అపోహ: హెడ్‌లైన్ గెలిస్తే పేజీ కూడా గెలిచినట్టే.

హెడ్‌లైన్‌ను మార్చాం గానీ, దాని కింద ఉన్నదంతా పాత హెడ్‌లైన్ కోసం రాసిందే. "బరువనిపించని చీర" అని చదివి కిందికి జరిగితే మొదటి పేరాలో గద్వాల సంస్థానం, సోమనాద్రి కోట. ఆ కింద మగ్గం ఫోటో. దాని కింద నిండా జరీతో మెరిసే పెళ్లి పట్టుచీర. బటన్ మీద "పెళ్లి చీరల కోసం మెసేజ్ చేయండి". పైన ఇచ్చిన మాటకూ కింద చూపించిన సరుకుకూ పొంతనే లేదు.

అందుకే మెసేజ్‌ల దగ్గర ఆగిపోకుండా అమ్మకాలు కూడా లెక్కపెట్టాం. 60 మెసేజ్‌లలో 15 చీరలు పోయాయి, 88లో 17. రెండు చీరల తేడాతో ఏదీ తేల్చలేం. మెసేజ్‌లు పెరిగినా అమ్మకం దాదాపు అక్కడే ఉంది. ఇక పని ఆ మధ్యలో ఉంది.

ఇంకో మాట. 3 శాతానికీ 4.4 శాతానికీ మధ్య ఉన్న 1.4 పాయింట్ల తేడాను కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఇంతమందితో లెక్కేస్తే, 95 శాతం నమ్మకంతో అసలు తేడా సుమారు 0.2 నుంచి 2.6 పాయింట్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కొత్తది మేలన్నది దాదాపు ఖాయమే గానీ, ఎంత మేలన్నది కాదు. "మెసేజ్‌లు సగం పెరుగుతాయి" అని లెక్కేసి ఆవిడ నేతవాళ్లకు అడ్వాన్స్ ఇవ్వబోతుంటే ఆపాను.

అపోహ: గెలిచిన మాటను పేజీ అంతా చల్లితే చాలు.

కొత్తవాళ్లు మొదట చేసే పని ఇదే. ప్రతి సబ్‌హెడ్డింగ్‌లో "తేలికైన", ప్రతి ఫోటో కింద "బరువు లేని". టెస్ట్ ఏది గెలిచిందో చెప్తుంది, ఎందుకు గెలిచిందో చెప్పదు. మన రెండు హెడ్‌లైన్ల మధ్య ఒక్క తేడా కాదు, కనీసం మూడున్నాయి. ఒకటి, బరువు మాట. రెండు, "రోజంతా" అనే మాట. పెళ్లికి నాలుగు గంటలు కట్టే చీర కాదు, బడికో ఆఫీసుకో కట్టుకెళ్లే చీర అనిపిస్తుంది. మూడు, పాతది అమ్మేవాళ్ల గురించి మాట్లాడితే కొత్తది కట్టుకునే మనిషి గురించి మాట్లాడుతుంది.

ఈ మూడింటిలో ఏది పని చేసిందన్నదాన్ని బట్టి కింద మార్చాల్సింది మారిపోతుంది. బరువే కారణమైతే చీరను తక్కెడలో పెట్టి తూచిన ఫోటో కావాలి, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అని ముందే చెప్పాలి. "రోజంతా" కారణమైతే చెమట, ఉతుకు, ఇస్త్రీ, బస్సు ప్రయాణం గురించి రాయాలి. కట్టుకునే మనిషి గురించి మాట్లాడటమే కారణమైతే "మేము, మా మగ్గాలు" అని మొదలయ్యే వాక్యాలన్నీ తిరగరాయాలి.

తేల్చుకోవడానికి ఇంకో టెస్ట్ అక్కర్లేకుండా దారి చేతిలోనే ఉంది. ఏ హెడ్‌లైన్ నుంచి వచ్చారో తెలిసేలా రెండు బటన్ల వాట్సాప్ లింకుల్లో ముందే నింపిన మెసేజ్‌ను కాస్త తేడాగా పెట్టాను, ఒకదాంట్లో "నమస్తే", ఇంకోదాంట్లో "నమస్కారం". ఆవిడ ఫోన్ తీసుకొని ఆ పలకరింపు తర్వాత వాళ్లు సొంతంగా అడిగిన మొదటి ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించాం. పాత హెడ్‌లైన్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ధర, పెళ్లి రంగులు అడిగారు. కొత్తదాని నుంచి వచ్చినవాళ్లలో ఎంతమంది బరువు అడిగారనుకున్నారు? వేళ్ల మీద లెక్కపెట్టేంతే. మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్న "ఇంట్లో ఉతకొచ్చా?". ఒక టీచరమ్మ "వారానికి రెండుసార్లు స్కూలుకు కడతా, ఆగుతుందా?" అని అడిగింది. అంటే పట్టింది "రోజంతా" అనే మాటే. బరువు మాటను పేజీ అంతా చల్లి ఉంటే ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పినట్టయ్యేది. ఇది రుజువు కాదు, మంచి ఊహ. అయినా గాల్లో మార్చడం కన్నా నయం.

ఉతుకు గురించి పేజీలో ఉంది, అట్టడుగున, ప్రశ్నలు-జవాబుల్లో ఏడోదిగా. దాన్ని పైకి తెచ్చి రెండో భాగం చేశాం. జవాబు మాత్రం అంత తీపిగా లేదు. అంచు పట్టు కాబట్టి మొదటిసారి డ్రైక్లీనింగ్‌కే ఇవ్వమంటుంది ఆవిడ. ఉన్నది ఉన్నట్టే రాశాం. దాంతో మెసేజ్‌లు కొన్ని తగ్గొచ్చు, తగ్గనీ. కొన్నాక తెలిసి చీర వాపసు పంపే దానికన్నా ముందే తెలియడం మేలు.

అపోహ: ఏది మార్చినా టెస్ట్ చేసే మార్చాలి.

మార్పులు రెండు రకాలు. కొత్త హెడ్‌లైన్ మాటను అబద్ధం చేసేవాటిని నేరుగా మార్చేయాలి. పెళ్లి పట్టుచీర ఫోటో తీసి నూలు ఒళ్లు చీరలను మొదటి వరుసలోకి తేవడం, బటన్ మీద "పెళ్లి" మాట తీసేయడం ఇలాంటివి. బరువైన పట్టు గద్వాలకు వేరే పేజీ పెట్టాం, ఆ ఒక్క హెడ్‌లైన్ కింద అది ఇమడదు.

కోట కథ ఉంచాలా తీయాలా, ధర పైన పెట్టాలా కింద పెట్టాలా అన్నవి రెండో రకం. వీటిని టెస్ట్ చేయాలని ఉంటుంది, కానీ లెక్క చూడండి. 4.4 శాతం 5.3 అవుతుందో లేదో పట్టుకోవాలంటే మామూలు ప్రమాణాలతో ఒక్కో వైపు సుమారు 9 వేల మంది కావాలి. వారానికి వెయ్యి మంది వచ్చే పేజీకి అది నాలుగు నెలలు. పైగా కింది భాగం దాకా చాలామంది జరగరు, అక్కడ చేసిన మార్పు కనిపించేదే కొందరికి. అందుకే చిన్న చిన్న టెస్ట్‌లు మానేసి, కలిసి ఉండే మార్పులన్నీ ఒక కట్టగా చేసి పాత పేజీకీ కొత్త పేజీకీ మధ్య ఒకే టెస్ట్ పెట్టాను. ఏ ముక్క పని చేసిందో తెలియదు, ఒప్పుకుంటాను. తేడా పెద్దగా ఉంటే తొందరగా తేలుతుంది, అందుకే ఈ దారి. ఈసారి మెసేజ్‌లతో పాటు అమ్మకాలు కూడా మొదటి రోజు నుంచే రాసుకుంటున్నాం.

అపోహ: పేజీలో కనిపించేది మారిస్తే పని పూర్తయినట్టే.

మా టెస్ట్ టూల్ హెడ్‌లైన్‌ను పేజీ తెరుచుకున్నాక బ్రౌజర్‌లో మారుస్తుంది. వాట్సాప్‌లో లింక్ పెడితే వచ్చే ప్రివ్యూ మాత్రం పేజీ కోడ్‌లో ఉన్న దాన్నే తీసుకుంటుంది:

```html
<meta property="og:title" content="గద్వాల చేనేత చీరలు, నేరుగా నేసినవారి ఇంటి నుంచే">
```

గెలిచిన హెడ్‌లైన్‌ను అసలు కోడ్‌లోకి ఎక్కించాక దీన్ని, `<title>`ను కూడా మార్చాలి. నేను మర్చిపోయాను. ఆవిడ స్టేటస్‌లో లింక్ పెట్టుకొని "అన్నా, పాతదే వస్తుంది" అని స్క్రీన్‌షాట్ పంపింది. మార్చాక కూడా ఫేస్‌బుక్‌లో రెండు రోజులు పాత ప్రివ్యూనే కనిపించింది. ఫేస్‌బుక్ వాళ్ల Sharing Debugger అనే టూల్‌లో లింక్ వేసి Scrape Again నొక్కాకే పోయింది.