తోలు దీపాల జత అచ్చుగుద్దినట్టు ఎందుకుండదు?

మాది ధర్మవరం పక్కన నిమ్మలకుంట. 2022లో జిల్లా పేరు శ్రీ సత్యసాయి అయింది కానీ, మా నోట్లో ఇంకా అనంతపురమనే వస్తుంది. తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు ఇప్పుడు అదే తోలుతో లాంప్‌షేడ్లు చేస్తున్నాయి. వాటిమీద నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే రకం ఫిర్యాదులు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: వెలుగులో గీతలు, మచ్చలు కనిపిస్తే అది రెండో రకం తోలు.

మేము వాడేది మేకతోలు. చెప్పుల తోలులాగా టానింగ్ చేసింది కాదు. నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, రెండు వైపులా గీకి, లాగి కట్టి ఎండబెట్టిన పచ్చితోలు. అందుకే దాంట్లోంచి వెలుగు వస్తుంది. వెలుగు వచ్చేచోట తోలులో ఉన్నదంతా కూడా బయటపడుతుంది. వెన్ను మీద తోలు మందం, అక్కడ వెలుగు తక్కువ దిగి ఒక ముదురు పట్టీ కనిపిస్తుంది. పొట్ట దగ్గర పలచన, అక్కడ వెలుగు ఎక్కువ దిగుతుంది. చెట్టు కొమ్మల్లా చీలిపోయే సన్నటి గీతలు రక్తనాళాల జాడలు. చిన్న చుక్కలు ఆ మేక బతికున్నప్పుడు ముళ్లు గీరుకున్నవో, పురుగు కుట్టినవో. ఇవేవీ గీకితే పోవు, ఇంకా గీకితే తోలు చిరుగుతుంది. నిజం చెప్పాలంటే, వెలిగించినా ఎక్కడా ఒక్క గీత కూడా లేకుండా ఒకే తీరుగా కనిపిస్తే అసలు తోలేనా అని నేనే అనుమానిస్తా.

రంగు సంగతీ ఇంతే. అదే ఎరుపు, అదే చేయి. అయినా మందంగా ఉన్నచోట వెలిగిస్తే ముదురుగా, పలచనచోట లేతగా కనిపిస్తుంది.

అపోహ: జత కొన్నాం కాబట్టి రెండూ ఒకేలా ఉండాలి.

పోయినేడు కర్నూలు నుంచి ఒకామె మంచానికి రెండు పక్కలా పెట్టుకోవడానికి 12 అంగుళాల షేడ్లు రెండు తీసుకున్నారు. రెండ్రోజులకు ఫోన్. “అన్నా, ఒకటి పసుపుగా ఉంది, ఒకటి తెల్లగా ఉంది. ఒకదాని మీద నల్లగా పట్టీ కూడా ఉంది. మీరు వేరే వేరే సరుకు పంపినారు.”

“అమ్మా, ముందు బల్బులు అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూడండి” అన్నా. మార్చారు. పసుపు కూడా బల్బు వెంటే పక్క షేడ్‌లోకి పోయింది! ఒకటి పసుపు వెలుగు ఎల్‌ఈడీ, ఇంకోటి తెల్ల వెలుగుది. రెండింట్లో ఒకే రకం పెట్టాక ఇక మిగిలింది పట్టీ ఒక్కటే. అది నిజంగానే ఉంది. ఒక షేడ్ వెన్ను భాగంలోంచి, రెండోది పక్క భాగంలోంచి కోశా. పట్టీ ఉన్న వైపు గోడకేసి తిప్పిపెట్టమన్నా, ఆమె సరేనన్నారు.

కానీ తప్పు కొంత నాదే. జతకు అని ముందే తెలిస్తే ఒకే తోలులో వెన్నుకు అటూ ఇటూ కోస్తే రెండూ దగ్గరగా వస్తాయి. అయినా అచ్చు ఒకటి కావు. పెద్ద షేడ్‌కైతే ఒక్క తోలు చాలదు, రెండు మూడు కలిపి కుడతాం, ముక్కకో ఛాయ ఉంటుంది. అందుకే ఇప్పుడు ఆర్డర్ తీసుకునేముందు ఎక్కడ పెడతారో అడుగుతా. కోసిన తోలునే కిటికీకి ఎదురుగా పట్టి ఫొటో తీసి పంపుతా. అయ్యాక వెలిగించింది ఒకటి, ఆర్పింది ఒకటి. మీరెవరి దగ్గర కొన్నా ఈ రెండు ఫొటోలూ అడగండి, ఆర్పిన ఫొటో ఒక్కటే చూస్తే సగం సంగతి తెలియదు.

అపోహ: వానాకాలంలో వదులైతే కుట్టు బాగాలేదని.

తడి తోలును ఇనుప ఫ్రేమ్ మీద లాగి కుడతాం, ఆరాక బిగుస్తుంది. గాలిలో తేమ పెరిగితే కొంచెం వదులై, ఎండలు రాగానే మళ్లీ బిగుస్తుంది. ఆ లాగుడుకు ఫ్రేమ్ కూడా కాస్త వంగుతుంది. కాబట్టి కొలత అర అంగుళం అటూ ఇటూ ఉంటుందని ముందే చెప్తా. తడిగుడ్డతో మాత్రం తుడవొద్దు.

అపోహ: చేత్తో చేసింది కదా, ఏదున్నా సర్దుకోవాలి.

ఇది కొనేవాళ్లది కాదు, మాలో కొందరి మాట. కుట్టు దగ్గర తోలు చీలడం, డిజైన్ కోసం కొట్టిన చిల్లు నుంచి పక్క చిల్లుకు చిరుగు సాగడం, పొడి గుడ్డతో రుద్దితే రంగు అంటడం, కుళ్లు వాసన, బల్ల మీద ఊగే ఫ్రేమ్. ఇవి మేక నుంచి వచ్చినవి కావు, మా చేతి తప్పులు. ఇలాంటిది వస్తే ఫొటో పంపండి, మార్చి ఇస్తా.